పేమెంట్ క్యూలో ఒకే బిల్లు రెండుసార్లు వెళ్తోంది. టైమౌట్ చాలుతున్నా ఎందుకిలా?

కాటా_కుర్రాడు (భీమవరం)

అందరికీ నమస్కారమండి. మాది చెరువుల దగ్గరే వనామీ రొయ్య కొనే చిన్న కంపెనీ. ఉండి, ఆకివీడు, మొగల్తూరు వైపు మా కాటా కుర్రాళ్లు ట్యాబ్లెట్లు పట్టుకుని తిరుగుతారు. పట్టుబడి జరిగేటప్పుడు ఒక్కో ట్రే కాటా మీద పెట్టగానే బరువు, కౌంట్ ట్యాబ్‌లో సేవ్ చేస్తారు. అది ఎస్‌క్యూఎస్ స్టాండర్డ్ క్యూలోకి వస్తుంది, అక్కడి నుంచి పోస్ట్‌గ్రెస్‌లోకి. సాయంత్రం రైతు వారీగా బిల్లు తయారై రెండో క్యూలో పడుతుంది. దాన్ని వర్కర్ తీసుకుని బ్యాంకు ఏపీఐకి పంపి డబ్బు వేస్తుంది.

సమస్య ఏమిటంటే కొందరు రైతులకి ఒకే బిల్లు రెండుసార్లు పడుతోంది. విజిబిలిటీ టైమౌట్ 30 సెకన్లు, మొదటి నుంచీ ఉన్నదే, మార్చలేదు. బ్యాంకు కాల్‌కి పట్టేది మహా అయితే 4 సెకన్లు. అంటే టైమౌట్‌కి చాలా లోపలే పని అయిపోతోంది. వర్కర్లు రెండు నడుస్తున్నాయి. బిల్లు పంపి, జవాబు వచ్చాక మెసేజ్ డిలీట్ చేస్తున్నాం. ఎర్రర్లేమీ లేవు. ఇంకో వింత, ట్రేల లెక్కలో కూడా అప్పుడప్పుడూ ఒకటి ఎక్కువ వస్తోంది. రెండింటికీ కారణం ఒకటేనా? ఎస్‌క్యూఎస్ తప్పా, మా తప్పా తెలీక ఆఫీసులో ఒకటే టెన్షన్.

క్యూ_రాజా

బ్రో, స్టాండర్డ్ క్యూ అంటేనే కనీసం ఒకసారి ఇస్తానంటుంది, రెండుసార్లు ఇవ్వనని ఎక్కడా అనదు. ఫైఫో క్యూకి మారిపో. అందులో డూప్లికేట్ రాదు, ఎగ్జాక్ట్‌లీ వన్స్. కంటెంట్ బేస్డ్ డీడూప్లికేషన్ ఆన్ చేస్తే మెసేజ్ బాడీకి హ్యాష్ తీసి అదే చూసుకుంటుంది, నువ్వు కీ కూడా రాయక్కర్లేదు. ఒక టిక్కు, సమస్య పరార్.

చెరువుగట్టు

అండీ, ఒక డౌటు. మా బాబాయికి కూడా మొన్న ఒక కంపెనీ వాళ్లు రెండుసార్లు వేశారు. ఇప్పుడు వెనక్కి ఇమ్మంటున్నారు. ఆ డబ్బుతో మేత బాకీ తీర్చేశాడు. ఇది కంప్యూటర్ పొరపాటు కదా, ఇవ్వాల్సిందేనా?

కాటా_కుర్రాడు

ఆయ్, మీరు అడిగింది వేరే చర్చ అండి, కానీ మాకూ అదే తలనొప్పి. మేమైతే రైతుతో మాట్లాడి తరవాతి పట్టుబడి బిల్లులో సర్దుకుంటున్నాం. ఒప్పుకోని వాళ్లూ ఉన్నారు.

గౌతమి_తీరం (రాజమండ్రి)

ఒప్పుకున్నా ఒప్పుకోకపోయినా, మీ లెడ్జర్‌లో రెండో పేమెంట్ వరుసని మాత్రం చెరిపెయ్యకండి. అది నిజంగా వెళ్లిన డబ్బు. రైతు పేరు మీద అడ్వాన్సుగా ఎదురు వరుస రాసుకోండి, లేకపోతే బ్యాంకు స్టేట్‌మెంట్‌కీ మీ పుస్తకానికీ పొంతన ఉండదు.

ఇక అసలు విషయం. కారణం చెప్పే ముందు మూడు అడుగుతాను. ఒక్క రిసీవ్‌లో ఎన్ని మెసేజ్‌లు తీస్తున్నారు? వాటిని ఒకదాని తరవాత ఒకటి చేస్తున్నారా, ఒకేసారి చేస్తున్నారా? రెండుసార్లు వెళ్లిన బిల్లుల లాగ్‌లో MessageId రెండుసార్లూ ఒకటేనా, వేరువేరా?

కాటా_కుర్రాడు

మేడం, MaxNumberOfMessages 10 పెట్టి ఉంది. ఫర్ లూప్‌లో ఒకదాని తరవాత ఒకటి. లాగ్ చూశాను. బిల్లుల క్యూలో MessageId రెండుసార్లూ ఒకటే, ReceiptHandle మాత్రం వేరు. ట్రేల క్యూలో ఎక్కువ వచ్చినవాటికి MessageId లే వేరు.

గౌతమి_తీరం

అయితే మీకు రెండు వేరు వేరు జబ్బులు ఉన్నాయి. MessageId ఒకటే ఉండి హ్యాండిల్ మారిందంటే క్యూయే ఆ మెసేజ్‌ని రెండోసారి చేతికిచ్చింది. MessageId లే వేరంటే పంపేవాడే రెండుసార్లు పంపాడు, క్యూ దృష్టిలో అవి సంబంధం లేని రెండు ఉత్తరాలు. డూప్లికేట్ ఎక్కడ పుట్టిందో తెలుసుకోవడానికి నేను మొదట చూసేది ఇదే.

ముందు బిల్లుల సంగతి. టైమౌట్ 30 సెకన్లు, పని 4 సెకన్లు అని మీరు పోల్చారు. కానీ గడియారం నడిచేది మీరు పని మొదలుపెట్టినప్పటి నుంచి కాదు, రిసీవ్ చేసినప్పటి నుంచి. పది మెసేజ్‌లు ఒకేసారి తీసుకుంటే పదింటికీ ఒకే క్షణంలో గడియారం మొదలవుతుంది. ఒక్కోటి 4 సెకన్లు వేసుకుంటే ఏడో బిల్లు 28వ సెకనుకి పూర్తవుతుంది. ఎనిమిదోది 28కి మొదలై 32కి అవుతుంది. ఈలోగా 30వ సెకను దాటగానే 8, 9, 10 మళ్లీ క్యూలో కనిపిస్తాయి. ఖాళీగా ఉన్న మీ రెండో వర్కర్ వాటిని ఎత్తుకుంటుంది. మొదటి వర్కర్‌కి ఆ సంగతి తెలీదు. తన దగ్గర లిస్టులో ఇంకా ఉన్నాయి కాబట్టి తొమ్మిది, పది కూడా తాపీగా పంపేస్తుంది. రెండుచోట్ల నుంచీ డబ్బు వెళ్తుంది, ఎర్రర్ ఎక్కడా రాదు. పాత హ్యాండిల్‌తో డిలీట్ పిలిచినా స్టాండర్డ్ క్యూ పని అయినట్టే జవాబిస్తుంది, మెసేజ్ మాత్రం పోకపోవచ్చు.

నేను చెప్పింది నిజమో కాదో మీరే చూసుకోవచ్చు. రెండుసార్లు వెళ్లిన బిల్లులు బ్యాచ్‌లో ఎన్నో స్థానంలో ఉన్నాయో లాగ్‌లో తీయండి. అన్నీ తోక దగ్గరే ఉంటే ఇదే కారణం. రిసీవ్ చేసేటప్పుడు ApproximateReceiveCount కూడా అడిగి లాగ్‌లో రాయండి, రెండో రాకడ అక్కడ 2 అని కనిపిస్తుంది.

క్యూ_రాజా

అదే కదా మేడం, ఫైఫో అయితే ఈ గొడవే ఉండదు.

గౌతమి_తీరం

సగం నిజం రాజా. ఫైఫోలో 5 నిమిషాల కిటికీ ఉంటుంది. ఆ 5 నిమిషాల్లో ఒకే డీడూప్లికేషన్ ఐడీతో రెండోసారి పంపితే క్యూలోకి రెండోది చేరదు. అది పంపే వైపు కాపలా. తీసుకునే వైపు, టైమౌట్ లోపల డిలీట్ చేయకపోతే ఫైఫో కూడా అదే మెసేజ్‌ని మళ్లీ ఇస్తుంది. ఇవ్వకపోతే వర్కర్ చచ్చిపోయిన రోజు ఆ బిల్లు గతేంటి? ఈయన బ్యాచ్ తోక సమస్య ఫైఫోలోనూ వచ్చేదే.

ఇక ఆ టిక్కు గురించి. ఈయన ట్రేల క్యూకి కంటెంట్ బేస్డ్ పెడితే కొంప కొల్లేరవుతుంది. కాటా దగ్గర ఎప్పుడైనా నిలబడ్డావా? ట్రేలన్నీ ఒకే బరువుకి సరిచేసి వేస్తారు. అదే రైతు, అదే చెరువు, అదే కౌంట్, 20 కిలోలు, మళ్లీ 20 కిలోలు. బాడీ అక్షరం పొల్లుపోకుండా ఒకటే, హ్యాష్ ఒకటే. ఐదు నిమిషాల్లో వేసిన నిజమైన ట్రేలు డూప్లికేట్లనుకుని మింగేస్తుంది. బాడీలో టైమ్ ఉంటుంది కదా అంటావేమో, ఉంటే రెండోసారి పంపినప్పుడు ఆ టైమ్ మారుతుందా మారదా అన్నది ట్యాబ్ కోడ్ రాసినవాడి దయ.

కాటా_కుర్రాడు

నిజమే మేడం, మా దగ్గర ట్రే 20 కిలోలే. కిలో 350 వేసుకున్నా ట్రే పోతే రైతుకి 7,000 నష్టం. ఒకటి ఎక్కువైతే మాకు నష్టం కానీ, తక్కువైతే రైతు గట్టు మీదే పట్టుకుంటాడు.

చూశానండి. డబుల్ వెళ్లినవన్నీ బ్యాచ్‌లో 8, 9, 10 స్థానాల్లోనే ఉన్నాయి. ఒక్కటి మాత్రం 6.

గౌతమి_తీరం

ఆ ఆరోదాని ముందు బిల్లుల్లో ఏదో బ్యాంకు దగ్గర ఎక్కువసేపు నానుంటుంది, టైమింగ్ తీసి చూడండి.

ప్రస్తుతానికి బ్యాచ్‌ని 1 చేయండి. పేమెంట్ క్యూకి బ్యాచింగ్‌లో మిగిలేది చాలా తక్కువ, పోయేది ఎక్కువ. టైమౌట్‌ని బ్యాంకు కాల్‌కి మీరు పెట్టిన హెచ్‌టీటీపీ టైమౌట్ కంటే బాగా ఎక్కువ ఉంచండి. కాల్ టైమౌట్ 20 అయితే విజిబిలిటీ 120 పెట్టుకోవచ్చు. పని సాగుతుందనిపిస్తే ChangeMessageVisibility తో మధ్యలో పొడిగించొచ్చు, మొదట తీసుకున్నప్పటి నుంచి 12 గంటల వరకూ. మరీ ఎక్కువ పెట్టినా చిక్కే, వర్కర్ పడిపోతే ఆ బిల్లు అంతసేపూ ఎవరికీ కనిపించకుండా కూర్చుంటుంది.

కానీ ఇదంతా డూప్లికేట్లని తగ్గించడమే, ఆపడం కాదు. బ్యాంకు డబ్బు వేసింది, మీ వర్కర్ డిలీట్ పిలిచే లోపు కరెంటో ప్రాసెసో పోయింది. మెసేజ్ మళ్లీ వస్తుంది, రావాలి కూడా. అందుకని రెండోసారి వచ్చినా రెండోసారి డబ్బు వెళ్లకుండా ఉండే ఏర్పాటు మీ డేటాబేస్‌లో ఉండాలి.

కాకినాడ_కాజా

కాఫ్కాకి మారితే ఎలా ఉంటుంది? 0.11 నుంచి ట్రాన్సాక్షన్లు ఉన్నాయి, ఎగ్జాక్ట్‌లీ వన్స్ అని వాళ్లే అంటారు. మేం ఆర్డర్ల పైప్‌లైన్‌లో అదే వాడుతున్నాం, ఇంతవరకు డూప్లికేట్ చూడలేదు.

గౌతమి_తీరం

మీ పైప్‌లైన్ ఒక టాపిక్‌లో చదివి ఇంకో టాపిక్‌లో రాస్తుందనుకుంటాను. అంతవరకు ఆ మాట నిజమే. చదివిన ఆఫ్‌సెట్టూ రాసిన ఫలితమూ ఒకే ట్రాన్సాక్షన్‌లో పడతాయి, తీసుకునేవాడు read_committed పెట్టుకుంటే సగంలో ఆగినవి కనిపించవు. బ్యాంకు ఏపీఐ ఆ ట్రాన్సాక్షన్‌లో ఉండదు కదా. వెళ్లిన డబ్బుని కాఫ్కా రోల్‌బ్యాక్ చేయలేదు.

కాకినాడ_కాజా

అవును, మాది టాపిక్ టు టాపిక్. చివర్లో ఎస్ఎంఎస్ పంపే చోట రెండు మెసేజ్‌లు వెళ్తుంటాయని కస్టమర్లు అంటుంటారు. అదెవరూ పట్టించుకోలేదు.

ఏరియేటర్_మావయ్య (ముమ్మిడివరం)

నా కేసు కూడా వినండి. మా చెరువుల్లో ఏరియేటర్లకి రిలే బోర్డులు పెట్టాం, ఫోన్ నుంచి ఎంక్యూటీటీలో కమాండ్ వెళ్తుంది, క్యూఓఎస్ 1. సెట్టు అమ్మినవాళ్లు ఇచ్చిన కమాండ్ ఒక్కటే: TOGGLE. ఆగి ఉంటే తిరుగుతుంది, తిరుగుతుంటే ఆగుతుంది. తెల్లవారుజామున నీళ్లలో ఆక్సిజన్ పడిపోయే టైముకి ఆన్ చేశాం. నెట్ సరిగ్గా లేక ఆ కమాండే రెండుసార్లు అందింది. ఆన్ అయ్యి వెంటనే ఆఫ్. కాపలా కుర్రాడు చక్రాల చప్పుడు ఆగిందని లేచాడు కాబట్టి సరిపోయింది, లేకపోతే రొయ్య అంతా పైకి తేలేది. తరవాత TOGGLE తీయించి ON, OFF పెట్టించాం. ON రెండుసార్లు వచ్చినా ఆన్‌లోనే ఉంటుంది కదా. మీరూ అలా ఏదైనా పెట్టండి, కీలూ టేబుళ్లూ ఎందుకు?

గౌతమి_తీరం

మావయ్య గారూ, మంచి మార్పు చేయించారు. క్యూఓఎస్ 1 అంటే కనీసం ఒకసారి, రెండోసారి వస్తే తప్పు పట్టడానికి లేదు. అయితే ఒక్క చోట జాగ్రత్త. ON పంపారు, తరవాత OFF పంపారు, ఆ మొదటి ON తాలూకు రెండో కాపీ ఆలస్యంగా ఇప్పుడొచ్చింది. మోటారు మళ్లీ తిరుగుతుంది. పాత కమాండ్ కొత్తదాన్ని తొక్కేస్తుంది. ప్రతి కమాండ్‌కీ పెరుగుతూ పోయే నంబరు ఇచ్చి, తన దగ్గరున్న నంబరు కంటే చిన్నది వస్తే బోర్డు పట్టించుకోకుండా ఉంటే అదీ తీరుతుంది.

కుర్రాడి దగ్గర ఆ కిటుకు కుదరదు. ‘రైతు ఖాతాకి 2,10,000 వెయ్యి’ అన్నది మీ పాత TOGGLE లాంటిదే, ఎన్నిసార్లు చెబితే అన్నిసార్లు జరుగుతుంది. దాన్ని ‘ఫలానా బిల్లు చెల్లింపు అయిన స్థితిలో ఉండాలి’ అనేలా మార్చాలి, అందుకే టేబుల్.

ఏరియేటర్_మావయ్య

నంబర్లు పెట్టాలంటే బోర్డులో ప్రోగ్రాం మార్చాలి. ఆ సెట్టు వాళ్లు ఫోన్ ఎత్తడం లేదు. చూద్దాం.

కాటా_కుర్రాడు

మేడం, మా పేమెంట్‌కి టేబుల్ ఎలా ఉండాలో కాస్త చెప్పండి. నేను అనుకున్నది: బిల్లు ఐడీ టేబుల్‌లో ఉందా అని చూసి, లేకపోతే డబ్బు పంపి, తరవాత ఐడీ ఇన్సర్ట్ చేయడం.

గౌతమి_తీరం

చూడటానికీ రాయడానికీ మధ్య నాలుగు సెకన్ల బ్యాంకు కాల్ ఉంది. రెండు వర్కర్లూ ఒకేసారి చూస్తే ఇద్దరికీ లేదనే కనిపిస్తుంది, ఇద్దరూ పంపుతారు. పోనీ ముందే ఇన్సర్ట్ చేసి తరవాత పంపితే, మధ్యలో వర్కర్ పోతే డబ్బు వెళ్లకుండానే వెళ్లినట్టు నమోదవుతుంది. కాబట్టి ఉందా లేదా అని కాక, స్థితి ఏమిటి అని రాసుకోవాలి.

బిల్లు తయారైనప్పుడే payouts లో ఒక వరుస పడాలి, స్థితి NEW. బ్యాంకుకి ఇచ్చే రిఫరెన్స్ కూడా అప్పుడే ఆ వరుసలో రాసేయాలి. మళ్లీ ఎన్నిసార్లు ప్రయత్నించినా అదే రిఫరెన్స్. వర్కర్ మెసేజ్ తీసుకోగానే బ్యాంకుని పిలిచే ముందు ఇది నడపాలి:

```sql
UPDATE payouts
SET status = 'SENT', sent_at = now()
WHERE bill_id = 'B-0714-22' AND status = 'NEW';
```

ఒక వరుస మారిందని వస్తే కమిట్ చేసి బ్యాంకుని పిలవండి. సున్నా వస్తే ఇంకొకరు అప్పటికే పట్టుకున్నారు, మీరు పిలవకూడదు. రెండు వర్కర్లు ఒకే క్షణంలో వచ్చినా పోస్ట్‌గ్రెస్ ఒకరిని ఆపి, మొదటివారు కమిట్ చేశాక షరతు మళ్లీ చూస్తుంది, రెండోవారికి సున్నాయే వస్తుంది. బ్యాంకు సరే అంటే PAID, ఖాతా నంబరు తప్పు అంటే FAILED. ఆ తరవాతే మెసేజ్ డిలీట్.

చిక్కంతా SENT దగ్గర ఆగిపోయిన వాటితో. కాల్ టైమౌట్ అయింది, లేదా వర్కర్ పోయింది. డబ్బు వెళ్లిందో లేదో మీకు తెలీదు. ఇక్కడే చాలామంది కొత్త రిఫరెన్స్‌తో మళ్లీ పంపుతారు. పంపకండి. ముందు అదే రిఫరెన్స్‌తో బ్యాంకు స్టేటస్ ఏపీఐని అడగండి. వెళ్లిందంటే PAID రాసుకోండి. అలాంటిదేమీ రాలేదంటే వెంటనే నమ్మకండి, మీ మొదటి రిక్వెస్టు వాళ్ల దగ్గర ఇంకా దారిలో ఉండొచ్చు. కాసేపు ఆగి మళ్లీ అడిగి, అప్పుడూ లేదంటే అదే రిఫరెన్స్‌తో పంపండి. రెండూ చేరినా ఒకే రిఫరెన్స్ కాబట్టి రెండోదాన్ని బ్యాంకు తిప్పికొడుతుంది.

కాకినాడ_కాజా

ఆ చివరి వాక్యం దగ్గరే నాకు అనుమానం. అన్ని బ్యాంకులూ తిప్పికొట్టవు. మేం ఒకచోట వాడినదాంట్లో రిఫరెన్స్ ఆ రోజుకి మాత్రమే ప్రత్యేకం. రాత్రి 12 దాటితే అదే నంబరు మళ్లీ తీసుకుంటుంది.

గౌతమి_తీరం

మంచి మాట అన్నారు. అది తప్పకుండా రాతపూర్వకంగా అడిగి తెలుసుకోవాల్సిన విషయం. స్ట్రైప్ లాంటివాళ్లు కూడా ఐడెంపొటెన్సీ కీలని కనీసం 24 గంటలు ఉంచి తరవాత తీసేయొచ్చని ముందే చెబుతారు. అంటే శుక్రవారం సాయంత్రం డెడ్ లెటర్ క్యూలో పడ్డ బిల్లుని సోమవారం ఎవరో ఒక బటన్‌తో వెనక్కి తోస్తే, అవతలి వైపు కాపలా అప్పటికే ఎత్తేసి ఉంటుంది. నా పద్ధతి ఏమిటంటే SENT లో ఉండి sent_at ఆ కిటికీ దాటిపోయిన బిల్లుని కోడ్ ముట్టుకోకూడదు. మనిషి స్టేట్‌మెంట్ చూసి తేల్చాలి. అలాంటివి రోజుకి ఎన్ని ఉంటాయి, ఒకటో రెండో.

క్యూ_రాజా

డెడ్ లెటర్ క్యూ అంటే గుర్తొచ్చింది. maxReceiveCount 3 పెట్టుకుంటే మూడుసార్లు ఫెయిలైనవే అందులో పడతాయి కదా? అవి డబ్బు వెళ్లనివే అనుకోవచ్చుగా?

గౌతమి_తీరం

అనుకోకూడదు. క్యూ లెక్కపెట్టేది ఎన్నిసార్లు ఇచ్చిందనే కానీ ఎన్నిసార్లు ఫెయిలైందని కాదు. ఈయన బ్యాచ్‌లో తొమ్మిదో బిల్లు టైమౌట్ వల్లే మూడుసార్లు చేతులు మారి, డబ్బు వెళ్లి కూడా డెడ్ లెటర్‌లో పడి ఉండొచ్చు. కుర్రాడా, మీ డెడ్ లెటర్ క్యూ ఒకసారి తెరిచి అందులోని బిల్లు ఐడీలని బ్యాంకు స్టేట్‌మెంట్‌తో సరిచూడండి. రీడ్రైవ్ మాత్రం కొట్టకండి.

ఇంకోటి, ఏ ఎర్రర్‌కి మళ్లీ ప్రయత్నించాలో కూడా విడగొట్టండి. ఐఎఫ్‌ఎస్‌సీ తప్పు అని వస్తే వందసార్లు పంపినా తప్పే, మొదటిసారే పక్కన పెట్టాలి. 503 అయితే ఆగి పంపాలి.

కాటా_కుర్రాడు

తెరిచి చూశాను మేడం. డెడ్ లెటర్‌లో ఉన్నవాటిలో ఎక్కువ భాగం డబ్బు వెళ్లినవే. మా మేనేజర్ గారు వాటిని వెనక్కి తోయమని పొద్దున్నే చెప్పారు. ఆపాను.

ఇక ట్రేల సంగతి. మెసేజ్ ఐడీలే వేరు కాబట్టి పంపేది మా ట్యాబే అన్నమాట. చెరువుల దగ్గర సిగ్నల్ ఒక గీత ఉంటే గొప్ప. పంపాక జవాబు రాకపోతే యాప్ మళ్లీ పంపుతుంది. మొదటిది సర్వర్‌కి చేరి, జవాబు మాత్రమే దారిలో పోయిన సందర్భాలు ఇవి అనుకుంటున్నాను. దీనికి కీ ఎక్కడ తయారవ్వాలి? సర్వర్‌లోనా?

గౌతమి_తీరం

సర్వర్‌లో తయారైతే రెండుసార్లు వచ్చినదానికి రెండు కీలు పుడతాయి. కుర్రాడు సేవ్ నొక్కిన క్షణంలో, నెట్ ముట్టుకోకముందే, ట్యాబ్‌లోనే పుట్టాలి. బరువుతో పాటు ట్యాబ్‌లో ఉన్న ఎస్‌క్యూలైట్‌లో పడాలి. ఆ తరవాత ఎన్నిసార్లు పంపినా ఆ కీనే. సర్వర్ వైపు tray_key కి యూనిక్ ఇండెక్స్ పెట్టి, ఇది నడిపితే చాలు:

```sql
INSERT INTO trays (tray_key, slip_no, kg, count_per_kg)
VALUES ('k7f3-0415-023', '0415', 20.0, 40)
ON CONFLICT (tray_key) DO NOTHING;
```

ఇక్కడ బయటి ప్రపంచం లేదు, అంతా ఒకే డేటాబేస్. రైతు మొత్తాన్ని వేరే టేబుల్‌లో పెంచుతూ పోతుంటే ఆ అప్‌డేట్ కూడా ఇదే ట్రాన్సాక్షన్‌లో, ఇన్సర్ట్ నిజంగా పడితేనే జరగాలి. అసలు మొత్తాన్ని విడిగా దాచకుండా ట్రేల నుంచి కూడుకుంటే ఇంకా నయం.

క్యూ_రాజా

యూయూఐడీ పెడితే పోలా, ఈ 0415-023 ఎందుకు?

గౌతమి_తీరం

పోతుంది. కాకపోతే వరుస నంబరు ఉంటే ఇంకో లాభం. 22 వచ్చి 24 వచ్చి 23 రాలేదంటే ఒకటి తప్పిపోయిందని తెలుస్తుంది. డూప్లికేట్ల గొడవలో పడి తప్పిపోయినవాటిని మర్చిపోతాం. రైతుకి చీటీ ఇచ్చే ముందు చివరి నంబరూ, సర్వర్‌లో చేరినవాటి లెక్కా సరిపోయాయో లేదో చూపిస్తే గట్టు మీదే తేలిపోతుంది.

కాకినాడ_కాజా

వరుస నంబర్లతో ప్రమాదం కూడా ఉంది. ట్యాబ్ నీళ్లలో పడింది, కొత్తది ఇచ్చారు, లేదా యాప్ తీసి మళ్లీ వేశారు. నంబర్లు మళ్లీ ఒకటి నుంచి. సర్వర్ ఆ కీలు ఇదివరకే చూసింది కాబట్టి నిజమైన ట్రేలని చడీచప్పుడు లేకుండా పారేస్తుంది. DO NOTHING అంటే నిజంగా ఏమీ చెప్పదు.

గౌతమి_తీరం

అందుకే కీ ముందు ఆ k7f3 పెట్టాను. యాప్ ఇన్‌స్టాల్ అయిన ప్రతిసారీ కొత్తగా పుట్టే ముక్క అది, నిజంగా రాసేటప్పుడు ఇంకా పొడవుగా పెట్టుకోండి. అయినా మీరన్న రెండో మాట విలువైనది. కీ కలిసిందంటే బరువూ చీటీ కూడా కలవాలి. కీ ఒకటే ఉండి బరువు వేరైతే అది డూప్లికేట్ కాదు, బగ్గు. పారేయకుండా పక్కన పెట్టి అరవాలి.

కాటా_కుర్రాడు

కుర్రాడు సేవ్ రెండుసార్లు నొక్కితే? చేతులకి తడి, గ్లవ్స్. స్క్రీన్ మీద ఏమీ కదలకపోతే మళ్లీ నొక్కుతారు.

గౌతమి_తీరం

దానికి రెండు కీలు పుడతాయి, ఏ క్యూ కూడా కాపాడలేదు. అది స్క్రీన్ పని. నొక్కగానే బటన్ చచ్చిపోవాలి, ట్రే నంబరు పెద్దగా కనిపించాలి. కాటా నుంచి బరువు నేరుగా వస్తుంటే, మధ్యలో బరువు సున్నాకి దిగితేనే తరవాతి సేవ్ ఒప్పుకోండి. ట్రే దించకుండా రెండో ట్రే వేయలేరుగా.

చెరువుగట్టు

ఇది బాగుందండి. కాటా సున్నాకి రాకుండా రెండోది రాసుకుంటే మేమూ గమనిస్తాం.

ఏరియేటర్_మావయ్య

ఇంకో సంగతి. కరెంటు పోయి టవర్ కూడా పడుకుని, గంట తరవాత అన్నీ ఒకేసారి లేస్తాయి చూడండి, మా బోర్డులన్నీ ఒక్కసారే కనెక్ట్ అవ్వాలని చూసి సర్వర్ మళ్లీ పడుకుంటుంది. మీ ట్యాబ్‌లకి అలా ఉండదా?

కాటా_కుర్రాడు

ఉంటుందండి. ప్రతి 5 సెకన్లకీ మళ్లీ పంపమని రాసి ఉంది. ఆ టైములోనే డూప్లికేట్ ట్రేలు ఎక్కువ.

గౌతమి_తీరం

సర్వర్ మెల్లగా ఉన్నప్పుడు అందరూ ఐదు సెకన్లకే విసుగుచెంది మళ్లీ పంపితే అది ఇంకా మెల్లబడుతుంది, ఇంకా పంపుతారు. 1, 2, 4, 8 సెకన్లు అలా పెంచుకుంటూ పోయి, ఒకటి రెండు నిమిషాల దగ్గర ఆపండి. ముఖ్యమైంది, అచ్చంగా 8 కాకుండా 0 నుంచి 8 మధ్య ఏదో ఒక యాదృచ్ఛిక సంఖ్య తీసుకోండి. లేకపోతే టవర్‌తో పాటు లేచిన ట్యాబ్‌లన్నీ ఎనిమిదో సెకనుకి కూడా కలిసే వస్తాయి. మావయ్య గారి బోర్డులకీ ఇదే మందు.

కాకినాడ_కాజా

ఒకటి అడగనా? ఇంత చిన్న లోడుకి ఎస్‌క్యూఎస్ దేనికి? payouts టేబుల్ ఎలాగూ ఉంది. వర్కర్ దాంట్లోంచే FOR UPDATE SKIP LOCKED తో NEW వరుసలు తీసుకుంటే రెండో క్యూనే అక్కర్లేదు. బిల్లు కమిట్ అయ్యి క్యూకి పంపే లోపు పడిపోవడం అనే ఇంకో రంధ్రం కూడా మూసుకుపోతుంది.

గౌతమి_తీరం

పేమెంట్ల వరకు నేను కూడా అదే చేస్తాను. బ్యాంకు కాల్ జరిగినంతసేపూ ఆ లాక్ పట్టుకుని కూర్చోకుండా, SENT రాసి కమిట్ చేసి వదిలేస్తే చాలు. ట్రేల క్యూ మాత్రం ఉంచాలంటాను, డేటాబేస్ ఆగిన గంట కూడా చెరువు దగ్గర పట్టుబడి ఆగదు.

క్యూ_రాజా

ట్యాబ్‌లో ఎస్‌క్యూలైట్ ఉందిగా మేడం, డేటాబేస్ ఆగితే ట్యాబే ఆగి తరవాత పంపుతుంది. అప్పుడు మొదటి క్యూ మాత్రం ఎందుకు?

గౌతమి_తీరం

దీంట్లో పాయింటుంది. ట్యాబ్ నీళ్లలో పడితే అందులో మిగిలిపోయిన ట్రేలు కూడా పోతాయి, అందుకని వీలైనంత త్వరగా బయటికి రావడం మేలని నా లెక్క. ఆ ఒక్క కారణానికి క్యూ మోయాలా అంటే కుర్రాడి కంపెనీ తేల్చుకోవాలి.

కాటా_కుర్రాడు

బ్యాచ్ 1 చేసి, టైమౌట్ 120 పెట్టి, ఆ UPDATE కూడా ఎక్కించాను. నిన్న సాయంత్రం సెటిల్‌మెంట్‌లో ఏ బిల్లూ రెండుసార్లు వెళ్లలేదు. ఒక బిల్లు SENT దగ్గరే ఆగింది. స్టేటస్ ఏపీఐ మొదట అలాంటిది లేదంది, పది నిమిషాల తరవాత అడిగితే వెళ్లిందని చెప్పింది. పాత కోడ్ అయితే ఆ మధ్యలో ఇంకోసారి పంపేసేది. రిఫరెన్స్ ఎన్నాళ్లు గుర్తుంచుకుంటారని బ్యాంకుకి మెయిల్ పెట్టాను, జవాబు రాలేదు.

trays లో కీలు ఎన్నాళ్లు ఉంచాలి మేడం? సీజన్‌లో టేబుల్ బాగా పెరుగుతుంది.

గౌతమి_తీరం

మీదైతే కీ ట్రే వరుసలోనే ఉంది, లెక్కల కోసం ఆ వరుస ఎలాగూ ఉంచుతారు. విడిగా కీల టేబుల్ పెట్టుకున్నవాళ్లకి మాత్రం, ఒక మెసేజ్ ఎంత ఆలస్యంగా మళ్లీ రాగలదో అంతకంటే ఎక్కువ ఉంచాలి. క్యూలో మహా అయితే 14 రోజులు ఉండగలదు, డెడ్ లెటర్ నుంచి వెనక్కి తోసేవి, బీరువాలో పడేసిన పాత ట్యాబ్‌లో పంపకుండా మిగిలినవి దాని మీద.

కాటా_కుర్రాడు

బీరువాలో నిజంగానే రెండు పాత ట్యాబ్‌లు ఉన్నాయండి. వాటిలో పాత యాప్, కీలు లేనిది. ఎవరైనా ఛార్జింగ్ పెట్టి ఆన్ చేస్తే?

గౌతమి_తీరం

కీ లేకుండా వచ్చిన ట్రేని సర్వర్ తీసుకోకూడదు, తిప్పి కొట్టాలి. ఆ రెండింటిలో పంపనివి ఏమైనా ఉన్నాయేమో నెట్ ఆపి తెరిచి, చీటీలతో చూసుకోండి.